వేలు తెగి నెత్తురు ఊరుతూనే ఉంటే...

వంటింట్లో కత్తి గాటు ఎక్కువగా పడేది ఎడమచేతి చూపుడువేలికి, బొటనవేలికి. కుడిచేతివాటం వాళ్లు కుడిచేత్తో తరుగుతారు, ఎడమచేత్తో కూరగాయను అదిమి పట్టుకుంటారు. ఉల్లిపాయ జారినా, కత్తి మొండిబారి టమాటా తొక్క మీద పక్కకు దొర్లినా ముందు దొరికేది ఆ వేలి కొసే. గాటు చిన్నదే, సెంటీమీటరు కూడా ఉండదు. నెత్తురు ధారగా కారదు, చిమ్మదు. తుడిస్తే ఆగినట్టే ఉంటుంది, రెండు క్షణాల్లో మళ్లీ ఎర్రటి బొట్టు పైకి వస్తుంది. అరగంట గడిచినా ఊరుతూనే ఉంటే ఇల్లంతా కంగారు పడుతుంది. ఇలాంటి గాయాల్లో చాలావాటికి ఆసుపత్రి అక్కర్లేదు. కొన్నింటికి మాత్రం ఆ రోజే వెళ్లాలి. ఆ తేడా ఇంట్లోనే, ఆ గంటలోనే తెలుసుకోవచ్చు.

వేలి కొస ఎందుకంత నెత్తురు కారుస్తుందో ముందు చూద్దాం. ప్రతి వేలికీ రెండు పక్కలా రెండు చిన్న ధమనులు వస్తాయి. అవి కొస దగ్గర కలుసుకుని, గోరు కిందా మెత్తటి కండలోనూ సన్నటి రక్తనాళాలుగా చీలిపోతాయి. స్పర్శకు, వేడికి, చలికి వెంటనే స్పందించాల్సిన చోటు కాబట్టి అక్కడ రక్తప్రసారం ఒంట్లో చాలా చోట్ల కంటే ఎక్కువ. అందుకే మోచేతి మీద ఇంతే గాటు పడితే నిమిషంలో ఆగే నెత్తురు, వేలి కొస దగ్గర ఆగనంటుంది. ఊరుతున్న నెత్తురు ఈ సన్న నాళాల నుంచి వచ్చేదే. ధమని తెగితే గుండె కొట్టుకునే లయకు తగ్గట్టు ఎర్రగా ఎగిసెగిసి వస్తుంది. అలా చిమ్ముతుంటే నొక్కిపట్టి 108కి ఫోన్ చేయడమే, ఇంకో ఆలోచన లేదు.

నాళం తెగగానే ముందు అది తనంతట తాను ముడుచుకుంటుంది. తర్వాత రక్తంలోని ప్లేట్‌లెట్లు తెగిన అంచు దగ్గర ఒకదానికొకటి అతుక్కుని ఒక మెత్తటి మూత వేస్తాయి. దీనికి కొద్ది నిమిషాలు చాలు. కానీ ఆ మూత చాలా బలహీనం. దాని మీద ఫైబ్రిన్ అనే ప్రొటీన్ పోగులు చేపల వలలా అల్లుకుని బిగిస్తేనే అది నిలుస్తుంది, దానికి మరికొన్ని నిమిషాలు పడుతుంది. అంటే గాయం తనను తాను మూసుకోవడానికి అడుగుతున్నది పది, పదిహేను నిమిషాల కదలని సమయం. మనం ఇవ్వనిది సరిగ్గా అదే.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచీ వెళ్దాం. ఆదివారం ఉదయం ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతున్న అరవై ఏళ్ల గృహిణి ఒకరు అనుకోండి. గుండెకు స్టెంట్ వేశారు, రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర వేసుకుంటారు. షుగర్ కూడా ఉంది. కత్తి జారి ఎడమ చూపుడువేలి కొసన, గోటికి పక్కగా ఒక గాటు పడింది. కొసన చర్మం కూడా కాస్త చెక్కుకుపోయి రేకులా లేచింది. ఆవిడ వేలు పంపు కింద పెట్టారు, చీర చెంగుతో తుడిచారు, చూశారు, మళ్లీ పంపు కింద పెట్టారు. నెత్తురు ఆగలేదు. పసుపు డబ్బా తెరవబోతుంటే కోడలు వచ్చింది.

"అత్తయ్యా, పసుపు వద్దు. ఇలా కూర్చోండి, చెయ్యి నాకివ్వండి."

"ఇదేం పెద్ద దెబ్బే తల్లీ, కాస్త అద్దితే ఆగిపోతుంది."

"పావుగంట నొక్కితే అదే ఆగుతుంది. చూడకుండా నొక్కాలి, అంతే."

కోడలు చెప్పిన ఆ 'చూడకుండా' అన్న మాటే ఈ గాయానికి అసలు వైద్యం. నెత్తురు ఆగిందా లేదా అని అరనిమిషానికోసారి గుడ్డ తీసి చూసే ప్రతిసారీ అప్పుడే కట్టుకుంటున్న మూత గుడ్డతో పాటు ఊడి వస్తుంది. పైగా ఆగలేదని తెలిసి మళ్లీ తుడుస్తాం. తుడవడం కూడా అంతే, గడ్డను లాగేయడమే. ఇలా ఇరవై నిమిషాలు నొక్కామనుకునేవాళ్లు నిజానికి వరసగా రెండు నిమిషాలు కూడా నొక్కి ఉండరు.

నొక్కడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు ఉంగరం ఉంటే తీసేయాలి, వేలు వాచాక అది రాదు. ఉతికి ఆరబెట్టిన నూలు గుడ్డ గానీ, మెడికల్ షాపులో దొరికే గాజుగుడ్డ గానీ నాలుగు మడతలు వేసి గాటు మీద పెట్టాలి. దూది నేరుగా పెట్టకూడదు, పోగులు గాయంలో ఇరుక్కుని తీసేటప్పుడు మళ్లీ రక్తం తెప్పిస్తాయి. చర్మం రేకులా లేచి ఉంటే దాన్ని కత్తిరించకుండా, పీకకుండా, దాని చోటులో దాన్ని పరిచి పైన గుడ్డ పెట్టాలి. అప్పుడు బొటనవేలితో ఒక వైపు నుంచి, చూపుడువేలితో ఇంకో వైపు నుంచి గాయం ఉన్న చోటే గట్టిగా, ఒకే తీరుగా అదమాలి. గాటు అంచులు రెండూ దగ్గరికి వచ్చేలా అదిమితే ఇంకా మంచిది. కూర్చుని, మోచేతిని బల్ల మీద ఆనించి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచాలి. గోడ గడియారం చూసుకుని పదిహేను నిమిషాలు. గుడ్డ తడిసిపోతే తీయొద్దు, దాని మీదే ఇంకోటి వేసి నొక్కాలి.

ఈలోగా చేసే కొన్ని పనులు మేలు చేయకపోగా కీడు చేస్తాయి. వేలి మొదట్లో దారమో రబ్బరు బ్యాండో బిగించి కట్టడం అలాంటిదే. కట్టు వదులుగా ఉంటే సిరల్లో రక్తం వెనక్కి పోక గాటు ఇంకా ఎక్కువ కారుతుంది. బిగిస్తే వేలికి రక్తమే అందదు, మరిచిపోతే వేలే పోవచ్చు. వేలు నోట్లో పెట్టుకుని చీకడం ఇంకొకటి. మనిషి నోటిలో ఉండే సూక్ష్మజీవులు తెగిన వేలికి మంచివి కావు.

పసుపు మాట కూడా సూటిగా చెప్పుకోవాలి. మన ఇళ్లలో గాటు పడితే పసుపు, కాఫీ పొడి, సున్నం, పంచదార, పళ్ల పేస్టు, పొలం గట్టున అయితే గడ్డి చేమంతి ఆకు పసరు, ఏదో ఒకటి పెట్టడం తరతరాలుగా వస్తోంది. పెట్టాక నెత్తురు ఆగుతుంది కూడా. ఎందుకంటే పెట్టినవాళ్లు దాని మీద వేలితో అదిమి పట్టుకుంటారు, తర్వాత గుడ్డ చుట్టి కదపరు. ఆపింది ఆ అదుము. పసుపులో మంచి గుణాలున్నాయని ప్రయోగశాలల్లో జరిగిన పనిని నేను కాదనను. కానీ మన డబ్బాలో ఉన్నది శుద్ధి చేసిన మందు కాదు, తడి చెంచాలు పడే పొడి. ఆ పొడి గాయం లోపల చిక్కుకుంటుంది, కడిగినా పోదు. ఇంకో నష్టం కూడా ఉంది. పసుపు రంగు పట్టిన వేలి మీద ఎరుపు వ్యాపిస్తోందో లేదో, వస్తున్నది చీమో కాదో రెండు రోజుల తర్వాత డాక్టరుకు కూడా తెలియదు. కాఫీ పొడికీ, యాంటీబయాటిక్ పౌడర్‌కూ అదే ఇబ్బంది. పైన గట్టి పెచ్చు కడుతుంది, కింద ఏం జరుగుతోందో కనబడదు.

మన ఉదాహరణలోని అత్తగారికి పదిహేను నిమిషాల తర్వాత గుడ్డ తీసి చూస్తే ఇంకా సన్నగా ఊరుతోంది. దీనికి రెండు కారణాలు. ఒకటి, చర్మం చెక్కుకుపోయిన చోట కలుపుకోవడానికి రెండు అంచులు లేవు, నేల అంతా ఊరుతుంది. రెండు, ఆస్పిరిన్. ఆ మాత్ర ప్లేట్‌లెట్లను అతుక్కోకుండా చేస్తుంది, దాని పనే అది. ఒకసారి దెబ్బతిన్న ప్లేట్‌లెట్ అది బతికి ఉండే వారం, పది రోజులూ అలాగే ఉంటుంది. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అపిక్సాబాన్ లాంటి రక్తాన్ని పల్చన చేసే మందులు వాడేవాళ్లకూ ఇదే పరిస్థితి. వీళ్లు మొదటి పదిహేను నిమిషాలకే చేతులెత్తేయకూడదు. మళ్లీ తాజా గుడ్డతో ఇంకో పదిహేను నిమిషాలు, ఈసారి కాస్త గట్టిగా నొక్కాలి. కానీ వేలు తెగిందని ఆ పూట మాత్ర మానేయడం మాత్రం పెద్ద తప్పు. ఒక పూట మానినంత మాత్రాన ఈ నెత్తురు ఆగదు, స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. మానాలా వద్దా అన్నది ఆ మందు రాసిన డాక్టరే చెప్పాలి.

రెండోసారి కూడా సరిగ్గా నొక్కాక ఇంకా ఊరుతూ గుడ్డ తడుస్తుంటే అది ఆసుపత్రి గాయం. అక్కడ వాళ్ల దగ్గర నెత్తురు ఆపే ప్రత్యేకమైన కట్లు ఉంటాయి. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ కట్టు ఒకటి. అది తడి తగలగానే జిగురుగా మారి గాయానికి హత్తుకుంటుంది, వేలి కొస చెక్కుకుపోయిన గాయాలకు బాగా పనికొస్తుంది.

నెత్తురు ఆగాక కడగడం. చాలామంది ఈ క్రమాన్ని తిప్పేస్తారు, కారుతుండగానే పంపు కింద పట్టుకుని కూర్చుంటారు. నెత్తురు కొద్దిగానే ఉంటే ముందు ఒక నిమిషం కడిగి తర్వాత నొక్కినా ఫర్వాలేదు. బాగా వస్తుంటే ముందు నొక్కాలి, ఆగాక కడగాలి. కడిగినప్పుడు మళ్లీ కాస్త ఊరుతుంది, దానికి భయపడి కడగడం మానొద్దు. కడిగేశాక ఇంకో ఐదు నిమిషాలు నొక్కితే సరిపోతుంది.

దీనికి ఖరీదైన ద్రావకాలేమీ అక్కర్లేదు. తాగడానికి పనికొచ్చే నీళ్లు చాలు. పంపు నీళ్లతో కడిగిన గాయాలనూ, ఆసుపత్రిలోని సెలైన్‌తో కడిగిన గాయాలనూ పోల్చిన పరిశోధనల్లో పంపు నీళ్ల వల్ల ఇన్‌ఫెక్షన్లు పెరిగినట్టు కనబడలేదు. అయితే ఆ పంపు నీళ్లు శుభ్రమైనవి. మన ఇంటి మీద ట్యాంకులో నాచు పట్టినా, బోరు నీళ్లు మడ్డిగా వస్తున్నా ఫిల్టరు నీళ్లు గానీ, కాచి చల్లార్చిన నీళ్లు గానీ వాడాలి. సాయం చేసేవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుని, రెండు మూడు చెంబుల నీళ్లు సన్నటి ధారగా గాటు మీద పోయాలి. సబ్బు గాయం చుట్టూ ఉన్న చర్మానికి, గాయం లోపలికి కాదు. కారం, ఉల్లిపాయ ముక్క, కొత్తిమీర ఆకు, చేప పొలుసు ఏదైనా ఇరుక్కుని ఉంటే నీళ్లతోనే పోవాలి, పోకపోతే మరిగించి చల్లార్చిన పట్టకారుతో మెల్లగా తీయాలి. లోపల గట్టిగా దిగిపోయినదాన్ని ఇంట్లో కెలకొద్దు.

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీళ్లు కలపని డెట్టాల్ గాయంలో పోస్తే భగ్గున మండుతుంది. ఆ మంట మందు పనిచేస్తున్నందుకు గుర్తని చాలామంది నమ్మకం. అవి సూక్ష్మజీవులతో పాటు గాయాన్ని మాన్పే లేత కణాలను కూడా చంపుతాయి. పోవిడోన్ అయోడిన్ పెట్టాలనుకుంటే మొదటి రోజు ఒకసారి, గాయం చుట్టూ చర్మానికి రాస్తే చాలు.

నెత్తురు ఆగి, గాయం శుభ్రంగా కనబడుతున్నప్పుడే ఇంకో పరీక్ష చేయాలి, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. తెగిన వేలిని ఒక్కో కీలు దగ్గర వంచి చూడాలి. మధ్య కీలును ఇంకో చేత్తో కదలకుండా పట్టుకుని కొసను వంచమనాలి, తర్వాత పూర్తిగా చాపమనాలి. వంగకపోయినా, చాపలేకపోయినా, చాపుతుంటే బలం లేకపోయినా వేలిని కదిలించే టెండన్ తెగి ఉండొచ్చు. గాటు అర సెంటీమీటరే కనబడుతున్నా కత్తి మొన లోతుగా దిగితే ఇలా అవుతుంది. తర్వాత కళ్లు మూసుకోమని, వేలి కొసకు రెండు పక్కలా దూదిపోగుతో తాకి, తెలుస్తోందా అని అడగాలి. ఒక పక్క మొద్దుబారితే అక్కడి నాడి తెగింది. ఈ రెండూ నొప్పితో, నెత్తురుతో కలిసి రావు. గాటు మానిపోయి, నెల తర్వాత వేలు వంగడం లేదని వచ్చే మనిషికి అప్పుడు చేసే ఆపరేషన్ చాలా కష్టం. అదే రోజు తెలిస్తే కుట్టడం తేలిక.

కుట్లు ఎప్పుడు వేయాలన్నది మరో సందేహం. అంచులు నోరు తెరుచుకుని వాటంతట అవి కలవకపోయినా, లోపల పసుపుపచ్చటి కొవ్వు కనబడినా, గాటు కీలు మీద పడి వేలు వంచినప్పుడల్లా విచ్చుకుంటున్నా, గోరు కిందకు దిగినా చూపించాలి. వీలైతే ఆరు గంటల్లోపే వెళ్లాలి, ఆలస్యమైనా ఆ రోజు దాటనివ్వొద్దు. అలా కాని చిన్న గాట్లకు కుట్లు లేకపోయినా నష్టం లేదు. చేతి మీద రెండు సెంటీమీటర్ల లోపు ఉన్న, టెండన్లూ నాడులూ తెగని గాట్లను కొందరికి కుట్టి, కొందరికి కట్టు మాత్రమే కట్టి పోల్చిన అధ్యయనం ఒకటి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రెండు వర్గాల్లోనూ గాయం మానడంలో, మచ్చ విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మన అత్తగారి గాటు అలాంటిదే. రెండోసారి నొక్కాక ఆగింది, వేలు వంగుతోంది, కొసన స్పర్శ తెలుస్తోంది.

ఇక కట్టు. దీని కథ కూడా వంటింట్లోనే మొదలైంది. అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీలో దూది కొనుగోలు చేసే ఉద్యోగి ఎర్ల్ డిక్సన్. ఆయన భార్య జోసఫిన్ వంట చేస్తూ తరచూ వేళ్లు కోసుకునేది. కట్టిన గుడ్డ పని చేస్తుంటే ఊడిపోయేది. జిగురు పట్టీ మీద వరసగా చిన్న గాజు ముక్కలు అంటించి, కావాల్సినప్పుడు కత్తిరించుకునేలా 1920లో ఆయన తయారు చేసి ఇచ్చాడు. ఇవాళ మన ఇళ్లలో ఉండే బ్యాండ్-ఎయిడ్ అదే.

గాయాన్ని గాలికి వదిలేసి ఆరబెడితే త్వరగా మానుతుందని పెద్దలు చెబుతారు. 1962లో బ్రిటన్‌లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగంలో దీనికి విరుద్ధంగా తేలింది. తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం, ఆరిపోయి పక్కు కట్టిన గాయాల కంటే త్వరగా పరుచుకుంది. కారణం తేలికే. కొత్త కణాలు తడి నేల మీద జారుతూ ముందుకు పోగలవు, ఎండిన పక్కు కింద దారి వెతుక్కుంటూ లోతుకు పోవాలి. కాబట్టి గాటు మీద పల్చగా పెట్రోలియం జెల్లీ రాసి, గాయానికి అంటుకోని పట్టీ వేయాలి. వేలి కొసకు మామూలు పట్టీ నిలవదు. పట్టీ రెండు రెక్కల్నీ కొస నుంచి మధ్య మెత్త దాకా పొడుగునా కత్తెరతో చీలిస్తే నాలుగు తోకలు వస్తాయి. మెత్తను కొస మీద పెట్టి ఒక జత తోకలను కింది వైపుకూ, ఇంకో జతను అడ్డంగానూ మడిస్తే కదలకుండా ఉంటుంది. వేలి చుట్టూ బిగించి చుట్టొద్దు. కట్టాక గోటిని నొక్కి వదిలితే రెండు క్షణాల్లో మళ్లీ గులాబీ రంగు రావాలి. రాకపోతే, వేలు చల్లబడితే, తిమ్మిరెక్కితే కట్టు బిగువైంది.

రోజుకోసారి మార్చాలి, తడిసినా మురికైనా వెంటనే మార్చాలి. అంటుకుపోతే లాగొద్దు. నీళ్లలో ఐదు నిమిషాలు నానబెడితే దానంతట అదే వదులుతుంది. మొదటి రెండు రోజుల్లో గాటు మళ్లీ ఊరడానికి ఎక్కువగా కారణమయ్యేది ఇలా ఎండిన కట్టును లాగడమే. రెండో కారణం, అంట్లు తోమడానికీ గుడ్డలు పిండడానికీ అదే చెయ్యి వాడటం. వేడి నీళ్లలో నానితే రక్తనాళాలు వెడల్పవుతాయి, చెయ్యి కిందకు వేలాడితే ఒత్తిడి పెరుగుతుంది. ఇంట్లో గిన్నెలు తోమే మనిషి వేలు తెగితే ఆ రెండు రోజులూ ఆ పని ఇంకెవరైనా చేయాలి. వైద్యంలో ఇదీ ఒక భాగమే.

రెండో రోజు పట్టీ మీద లేత పసుపు తడి మరక కనబడితే చీమనుకుని కంగారు పడొద్దు. గాయం మానుతున్నప్పుడు వచ్చే పల్చటి రసి అది. నీళ్లలా ఉంటుంది, వాసన ఉండదు. అంచుల వెంట సన్నటి గులాబీ గీత, కొద్దిపాటి వాపు, తాకితే నొప్పి కూడా మొదటి రెండు మూడు రోజులు సహజమే. చూడాల్సింది ఇవి ఏ దిశలో వెళ్తున్నాయన్నది. మానే గాయం నొప్పి రోజురోజుకూ తగ్గుతుంది. సెప్టిక్ అయ్యే గాయం మొదటి రోజు కాస్త నెమ్మదించి, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మళ్లీ తిరగబెడుతుంది. రాత్రి నిద్ర పట్టనివ్వనంతగా సలుపుతుంది. చుట్టూ వేడెక్కుతుంది, వాపు గట్టిపడుతుంది, చిక్కటి తెలుపో ఆకుపచ్చో చీము వస్తుంది. మన చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు, ముదురు రంగులోనో ఊదాగానో అగుపిస్తుంది. అందుకే కంటితో పాటు చేత్తో చూడాలి. తెగని చేతి అదే వేలిని పక్కన పెట్టి రెండిటి వేడినీ పోల్చితే తేడా తెలుస్తుంది.

అనుమానం ఉంటే ఎరుపు లేదా వాపు ఎక్కడ ఆగిందో అక్కడ చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కనే టైము రాయండి. కొన్ని గంటల తర్వాత గీత దాటి పోయిందంటే ఇక ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. గాయం నుంచి ముంజేతి మీదుగా ఎర్రటి చార పైకి పాకినా, చంకలో బిళ్ల కట్టినా, జ్వరమో చలో వచ్చినా ఆ పూటే వెళ్లాలి. వేలి విషయంలో ఇంకో ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. టెండన్ చుట్టూ ఒక సన్నటి గొట్టం లాంటి తొడుగు ఉంటుంది. అందులోకి చీము చేరితే కొద్ది రోజుల్లోనే వేలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. చేతి ఇన్‌ఫెక్షన్ల మీద 1912లో పుస్తకం రాసిన షికాగో సర్జన్ అలెన్ కనావెల్ పేరుతో దీని నాలుగు గుర్తులను వైద్య విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటారు. వేలు మొత్తం ఒకే తీరుగా ఉబ్బుతుంది, కొద్దిగా వంగిన భంగిమలోనే ఉండిపోతుంది, అరచేతి వైపు వేలి పొడుగునా నొక్కితే నొప్పి ఉంటుంది, ఎవరైనా దాన్ని చాపబోతే ప్రాణం పోయినట్టు ఉంటుంది. ఇలా ఉంటే మందుల షాపులో మాత్రలు కొనుక్కుని చూద్దామనుకోవద్దు. అప్పటికప్పుడు సర్జన్ చూడాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఈ గుర్తుల కోసం ఎదురుచూడకుండా మూడో రోజు ఒకసారి చూపించుకోవడం మంచిది. వాళ్లకు స్పర్శ తగ్గి ఉంటే సలుపు తెలియదు. ఇన్‌ఫెక్షన్ వచ్చిందని ముందు చెప్పేది ఒక్కోసారి గ్లూకోమీటరే. కారణం లేకుండా షుగర్ రీడింగు ఎగబాకితే కట్టు విప్పి చూడాలి. పచ్చి చికెన్ కోస్తూ, చేపలు శుభ్రం చేస్తూ, రొయ్యలు వలుస్తూ పడిన గాట్లనూ తేలిగ్గా తీసుకోకూడదు. సముద్రపు చేపలతో, రొయ్యలతో వచ్చే కొన్ని సూక్ష్మజీవులు మామూలు వాటికంటే వేగంగా పాకుతాయి, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. అలాంటప్పుడు కత్తిపీట మీద ఏం కోస్తుండగా తెగిందో డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, దాన్ని బట్టి మందు మారుతుంది. శుభ్రమైన చిన్న గాటుకు మాత్రం ముందు జాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్ మాత్రలు మింగాల్సిన పని లేదు.

మన అత్తగారి గాటు నాలుగో రోజుకు నొప్పి తగ్గి, పదో రోజుకు మూసుకుంది. చెక్కుకుపోయిన కొస పూర్తిగా పూడడానికి మరో రెండు వారాలు పట్టింది. ఎముక కనబడకుండా, సెంటీమీటరు వెడల్పు లోపు చెక్కుకుపోయిన కొసలు ఇలా కట్టుతోనే నిండుకుంటాయి.

చివరగా టీటీ సంగతి. మన దగ్గర వేలు తెగితే ముందు అడిగే ప్రశ్న 'టీటీ వేయించుకున్నావా' అని. ఆరు నెలలకోసారి కూడా వేయించుకునేవాళ్లు ఉన్నారు. ఆ ఇంజక్షన్ ధనుర్వాతం రాకుండా కాపాడుతుంది, అంతే. చీము పట్టకుండా అది ఆపలేదు, కాబట్టి టీటీ పడింది కదా అని వాచిన వేలిని వదిలేయకూడదు. చిన్నప్పటి టీకాలన్నీ పడినవాళ్లకు శుభ్రమైన గాటు తగిలితే, చివరి డోసు పడి పదేళ్లు దాటితేనే మళ్లీ కావాలి. మట్టి, పేడ, చేపల మురికి లాంటివి అంటిన గాయమైతే ఐదేళ్లు. చిన్నప్పటి టీకాలు పడ్డాయో లేదో తెలియనివాళ్లు గాటు చిన్నదైనా చూపించుకుని కోర్సు పూర్తి చేయించుకోవాలి. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చేది టీడీ, అందులో డిఫ్తీరియాకు కూడా రక్షణ ఉంది. పిల్లలకు పదో ఏట, పదహారో ఏట ఇది ఇస్తారు, గర్భిణులకూ ఇస్తారు. కాబట్టి ఇంట్లో ఆడవాళ్లకు చివరి డోసు ఎప్పుడు పడిందో కాన్పుల లెక్కన దొరుకుతుంది. యాభై దాటిన మగవాళ్లలో చాలామందికి అది గుర్తే ఉండదు. ఈ వారం ఒక కాగితం మీద ఇంట్లో ఒక్కొక్కరి పేరు, చివరి టీడీ పడిన సంవత్సరం రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. పక్కనే ఎవరెవరు రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారో కూడా రాయండి.